మా అత్తగారు చెప్పకుండా లేచి వచ్చిన ఇల్లు

మా అత్తగారు పోయారని ఒంగోలు ఆసుపత్రి నుంచి మా వారు ఫోన్ చేసినప్పుడు నేను రాగిజావ ఫ్లాస్కులో పోస్తున్నాను. పొద్దుటి బస్సుకి వెళ్ళి ఆవిడకు తాగించాలని. "అమ్మ పోయింది" అన్నారు.  ఫోన్ పెట్టేశాక కూడా నేను మిగిలిన జావ పోసి, మూత బిగించి, ఫ్లాస్కు తుడిచి సంచిలో పెట్టాను. అప్పుడు తట్టింది, తాగే మనిషి లేదని.

ఆ సంచితోనే పక్కింటికి వెళ్ళాను. పక్కింటావిడ మా ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరు. బడికి బయల్దేరి తాళం చేతిలో పట్టుకుని ఉంది. నా మొహం చూసి, సంచి చూసి, "పిన్నిగారా?" అంది. తల ఊపాను. అయ్యో అనలేదు, ఏడవకు అనలేదు. నా చేతిలోని సంచి తీసుకుని, నన్ను వాళ్ళ మెట్టు మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. ఆ రోజు బడికి వెళ్ళలేదు.

అలా కూర్చోవడం ఆవిడకు నేర్పింది మా అత్తగారే. అది రాద్దామనే ఈ నాలుగు మాటలు.

మా ఊరు పర్చూరుకి దగ్గర. మిరప, పత్తి, కొంచెం పొగాకు. మా అత్తగారు పుట్టిందీ మెట్టిందీ ఈ చేలల్లోనే. గొంతు పెద్దది. వీధి చివర ఉన్న మనిషిని పిలవడానికి ఆవిడకు ఫోన్ అక్కర్లేదు. కోడలిగా వచ్చిన కొత్తలో ఆ గొంతుకి భయపడేదాన్ని. పోనుపోను తెలిసింది, గొంతు తగ్గించినప్పుడు భయపడాలని.

సాయంత్రాలు వసారాలో గోనెపట్టా పరుచుకుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీసేవారు. కారం పట్టించడానికి ఆవిడ ఇంట్లోకి పెట్టుకున్న కాయ వేరు, అమ్మే కాయ వేరు. ఎర్రవి ఒకవైపు, రంగు పోయి తెల్లబారిన తాలు కాయలు ఒకవైపు. ఇంకొకరు ఏరితే మళ్ళీ ఏరేవారు. "నువ్వు బాగానే ఏరావులే, నా కళ్ళే ఊరుకోవటం లేదు" అనేవారు నాతో. అది మెచ్చుకోలో దెప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ పట్టా మీద రెండో మనిషి పక్కింటి టీచరు. వయసులో తల్లీకూతుళ్ళంత తేడా ఉన్నా వాళ్ళిద్దరిదీ స్నేహమే. బడి నుంచి రాగానే చేతిసంచి గుమ్మంలో పెట్టి ఇటే వచ్చేది. మా అత్తగారికి ఊళ్ళో పిల్లలందరి సంగతులూ కావాలి. ఎవడు ఎక్కాలు చెప్పాడు, ఎవడు పలక పగలగొట్టాడు, ఎవరి అమ్మ బడికొచ్చి తగాదా పెట్టుకుంది. "మీ బళ్ళో ఉన్నంత తమాషా టీవీలో లేదమ్మాయ్" అనేవారు. ఆవిడకు సంతకం వరకే వచ్చు. అయినా ఆ బడి తన సొంతం అన్నట్టు మాట్లాడేవారు.

పనిలో ఉన్న టీచర్లు కూడా టెట్ అనే అర్హత పరీక్ష పాసవ్వాలని కోర్టు తీర్పు వచ్చింది గదా, అప్పుడు మొదలైంది ఆ ఇంటి కష్టం. రిటైర్మెంటుకి ఐదేళ్ళలోపు ఉన్నవాళ్ళకు సడలింపు ఉంది. మా టీచరుకు ఇంకా పదేళ్ళ పైమాటే. గడువులోగా పాసవ్వకపోతే ఉద్యోగం ఉండదు. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు అ ఆలు దిద్దించిన మనిషి, తనకు పాఠం చెప్పడం వచ్చని పరీక్ష రాసి చూపించాలి.

చదివింది. బడి, వంట అయ్యాక రోజూ పుస్తకం పట్టింది. తెలుగు, లెక్కలు, పరిసరాలు ఆవిడకు కొట్టిన పిండి. ఇంగ్లీషు, శిశు మనస్తత్వం బెంగ. పిల్లల మనసు క్లాసులో తెలుసు గానీ, దాని గురించి ఎవరి సిద్ధాంతం ఏమంటుందో గుర్తుండదు, పుస్తకంలో ఉన్న పేర్లకు నోరు తిరగదు. మా అత్తగారు తొడిమలు తీస్తూ, "ఆ పేరు మళ్ళీ అనవే, నవ్వుకుందాం" అనేవారు. ఇద్దరూ నవ్వేవాళ్ళు.

పరీక్ష కంప్యూటర్ మీద. ఎప్పుడూ ఎర్ర సిరా పెన్నుతో దిద్దిన చేతికి ఆ మౌసు లొంగలేదు. దానికి తోడు పక్క కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి ఒకప్పుడు ఈవిడ దగ్గర ఒకటో తరగతి చదివిన పిల్ల. మొదలుపెట్టే ముందు ఆ పిల్లే వంగి, "జవాబు నొక్కాక ఇది కూడా నొక్కాలి టీచర్, లేకపోతే సేవ్ అవదు" అని చూపించిందట. ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది గానీ, చెబుతున్నప్పుడు చేతిలోని కాయ తొడిమ ఊడిపోయినా ఇంకా గిల్లుతూనే ఉంది.

నూటయాభైకి తొంభై రావాలి. ఫలితాల రోజు ఎనభై ఆరు వచ్చాయి.

అదే రోజు సాయంత్రం ఆ అమ్మాయి స్వీట్ల డబ్బాతో వచ్చింది. తను పాసైంది. టీచరు గారి కాళ్ళకు దండం పెట్టడానికి వచ్చింది; ఈవిడ సంగతి తెలియదు. ఈవిడ డబ్బా అందుకుని, ఒక లడ్డూ విరిచి ఆ పిల్ల నోట్లో పెట్టి, తల నిమిరి పంపింది. తరవాత వీధి తలుపు వేసి లోపలి గదిలో పడుకుంది. మూడు రోజులు బయటికి రాలేదు.

వచ్చిపోయేవాళ్ళు వస్తూనే ఉన్నారు. తలుపు ఆవిడ భర్త తీసేవాడు. ఆయనకు సెంటర్లో ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. మంచివాడే. "నాలుగంటే నాలుగు మార్కులేగా, దానికింత రాద్ధాంతం ఎందుకు?" అంటాడు. బడి హెడ్మాస్టరు వచ్చి, "గడువుంది కదమ్మా, మళ్ళీ రాయొచ్చు" అన్నాడు. ఇంకొకావిడ, "మా ఆడపడుచుకి డెబ్భయ్యే వచ్చినయ్, నీకు నయం" అంది. మరొకరు, "పోతే పోయింది, మీ ఆయనకి కొట్టుంది, నీకేం తక్కువ?" అన్నారు. ఒక్కరూ చెడ్డ మాట అనలేదు. ఒక్కో మాటకీ ఆవిడ గోడ వైపు ఇంకొంచెం జరిగిందని తరవాత నాతో చెప్పింది.

మా అత్తగారు మొదటి రోజు వెళ్ళలేదు. "జనం పలచబడనీ" అన్నారు. మూడో రోజు మధ్యాహ్నం స్నానం చేసి, ముతక చీర కట్టుకుని, "పద" అన్నారు నాతో. నేను నిమ్మకాయ పులిహోర గిన్నెలో సర్దుతుంటే చూసి, "పులిహోర పండక్కి. మజ్జిగన్నం కలుపు" అన్నారు.

వెళ్ళాం. టీచరు లోపలి గదిలో చాప మీద పడుకుని ఉంది. మా అత్తగారు ఆవిడను లేపలేదు, మోకాళ్ళు పట్టుకుని తనే కింద చాప మీదికి దిగారు. కాసేపు కూర్చున్నాక అడిగారు, ఆ పెద్ద గొంతు తగ్గించి:

"ఎంత పోయిందమ్మాయ్?"

అప్పటిదాకా ఎవరూ అలా అడగలేదు. టీచరు లేచి కూర్చుంది.

"నాలుగు, పిన్నిగారూ."

"నాలుగా. చేతికొచ్చింది పోయింది గదా మరి. బాధే."

అంతే అన్నారు. టీచరు ఏడ్చింది. మా అత్తగారు ఊరుకో అనలేదు. ఏడుపు మధ్యలో ఒక్కొక్కటీ బయటికొచ్చింది. నాలుగు మార్కులకు కాదట ఏడుపు. ఇంగ్లీషులో ఒక ప్రశ్న తెలిసి కూడా నొక్కాక సేవ్ చేయలేదని అనుమానం. సోమవారం బళ్ళో పిల్లల ముందు ఏ మొహంతో నిలబడాలి? అటెండెన్సు పిలిస్తే ఏ పిల్లాడి తల్లో కిటికీలోంచి చూసి, ఈవిడే గదా ఫెయిలైంది అనుకోదా? తను దిద్దించిన పిల్లకు తనే స్వీటు తినిపించాల్సి వచ్చిందే. "ఇన్నేళ్ళూ నేను చెప్పింది తప్పేమో పిన్నిగారూ. నాకు రాదేమో."

ఆ మాటకి నేను నోరు తెరవబోయాను, అలా అనకు, నీ అంత టీచరు లేదు అందామని. మా అత్తగారు నా మోకాలి మీద చెయ్యేసి నొక్కారు. నోరు మూసుకున్నాను.

ఆవిడ మాత్రం, "అట్టా అనిపిస్తందా?" అన్నారు.

"అనిపిస్తంది."

"ఊఁ."

అవునూ అనలేదు, కాదూ అనలేదు.  తరవాత టీచరు మజ్జిగన్నం నాలుగు ముద్దలు తిన్నది. అప్పుడు మా అత్తగారు ఇంకా గొంతు తగ్గించి, ఆవిడ కళ్ళలోకి చూస్తూ, "చచ్చిపోదామని గానీ అనిపిస్తందా అమ్మాయ్?" అని అడిగారు.

 అలాంటి మాట అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అనుకునేదాన్ని. టీచరు చాలాసేపు చాప అంచు పీకుతూ కూర్చుని, "నిన్న అనిపించింది" అంది.

"చెప్పావు. మంచి పని చేశావు." మా అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఇవ్వాళ నా కోడలు నీ దగ్గరుండిద్ది. రేపు నేనుంటా. ఒక్కదానివే ఉండే పని లేదు."

బయటికొచ్చి ఆవిడ భర్తను పిలిచారు. "అల్లుడూ, వెనక గదిలో కొట్టు సరుకేమన్నా పెట్టావా?"

"ఉందత్తయ్యా, స్టాకు ఎక్కువై..."

"ఇప్పుడే తీసెయ్. పొద్దుగూకే లోపు ఒక్క డబ్బా ఇంట్లో ఉండగూడదు."

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. "అంత దాకా ఎందుకత్తయ్యా, నాలుగు మార్కు..."

"ఆ నాలుగు మాట ఇంకోసారి అన్నావంటే నీ కొట్టు ముందు కూర్చుని తిడతా. పో, ఆటో పిలువు."

ఆయన ఆటో పిలిచి సరుకంతా తరలించాడు. మర్నాడు మా అత్తగారే ఒంగోల్లో మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని చెప్పారు. "కాలిరిగితే కట్టు కట్టించుకోవటంలా? ఇదీ అంతే" అన్నారు. ఆయన మారు మాట్లాడకుండా తీసుకెళ్ళాడు. ఆ వారమంతా మేం వంతులు వేసుకుని ఆ ఇంట్లో ఉన్నాం.

మేం మొదట వెళ్ళిన రోజే ఇంకొకటి జరిగింది. నన్ను అక్కడ ఉంచి ఇంటికి బయల్దేరేటప్పుడు మా అత్తగారు మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, కొంగు సర్దుకుని, గుమ్మం దాటి వచ్చేశారు. వస్తానమ్మా అనలేదు. టీచరు వైపు తిరిగి చూడలేదు. మా వైపు చావు జరిగిన ఇంటికి పలకరింపుకి వెళితే, తిరిగి వచ్చేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పం. అలాంటి ఇంటికి మళ్ళీ రావాల్సిన అవసరం రాకూడదని. లేచి ఊరికే వచ్చేస్తాం. ఆవిడ అలాగే చేశారు.

మర్నాడు నాకు కోపం వచ్చింది. "అదేంటత్తయ్యా, చావింట్లోంచి వచ్చినట్టు చెప్పకుండా వచ్చేశారు? ఆవిడ చూస్తూనే ఉంది. ఏమనుకుంటది?"

"చూడాలనే" అన్నారు. "అది చావు కాదా? ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన పంతులమ్మ పోయింది ఆ ఇంట్లో. అందరూ వచ్చి ఏం కాలేదు, ఏం కాలేదు అంటన్నారు. ఏం కాకపోతే మరి ఆ పిల్ల ఎందుకు ఏడుస్తంది, పిచ్చిదా?"

తరవాత టీచరు నాతో అన్న మాట ఇది: "పిన్నిగారు చెప్పకుండా లేచి వెళ్ళారు చూడు వదినా, అప్పుడు నాకు ఊపిరాడింది. నాకు నిజంగానే ఏదో పోయిందని ఒక్కరన్నా ఒప్పుకున్నారు."

రోజూ వెళ్ళేవారు. రోజూ చెప్పకుండానే వచ్చేసేవారు. ఒక రోజు అక్కడే కూర్చుని పాత సంగతి చెప్పారు. మా మామగారు ఉన్న రోజుల్లో ఒక ఏడాది కల్లంలో ఎండబోసిన కాయ మీద అకాల వర్షం పడింది. కాయ తడిసిందని తెలిస్తే బేరం పడిపోయిద్దని మా మామగారు వెంటనే పైన పట్టా కప్పి, ఏం కానట్టు మంచమేసుకుని కూర్చున్నారట. అడిగిన వాళ్ళకల్లా, "మాది తడవలేదు" అనేవారట.

"మూడో నాడు పట్టా తీస్తే ఆవిరి మొహాన కొట్టింది. కిందంతా బూజు. పక్క కల్లం వాళ్ళు తడిసిందిరో అని గోల పెట్టి, ఊరినంతా పిలిచి, పలచగా పరిచి తిరగేసుకున్నారు. వాళ్ళకు సగమన్నా దక్కింది. మాకు కుప్పంతా పోయింది." టీచరు భర్త గుమ్మంలో నిలబడి వింటున్నాడు. మా అత్తగారు ఆయన వైపు తిరిగి, "తడిసిన దాన్ని తడవలేదంటే ఎండదు అల్లుడూ" అన్నారు.

 ఆ సాయంత్రం ఆయనే భార్య పక్కన కూర్చుని, "నాకు చెప్పు, ఆ కంప్యూటర్ దగ్గర ఏం జరిగిందో" అని మొదటిసారి అడిగాడట.

టీచరు ఆ సోమవారం బడికి వెళ్ళలేదు. ఆ తరవాతి సోమవారం వెళ్ళింది. మా అత్తగారు గేటు దగ్గర నిలబడి, టీచరు బడి మలుపు తిరిగే దాకా చూసి, లోపలికొచ్చి కాఫీ అడిగారు. సాయంత్రం ఏమైందని అడిగితే టీచరు, "ఏం కాలేదు పిన్నిగారూ. పిల్లలకి తెలియను కూడా తెలియదు. ఒకడు మాత్రం, టీచర్ జొరం తగ్గిందా అన్నాడు" అంది. మా అత్తగారు పగలబడి నవ్వారు. టీచరు కూడా నవ్వి, మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

ఇంకొన్నాళ్ళు పోయాక, ఒక రోజు తొడిమలు తీస్తూ మా అత్తగారు అడిగారు. "ఎక్కడ పోయినయ్యో చూసుకున్నావా?"

టీచరు లోపలికెళ్ళి తన జవాబుల కాగితం, సరైన జవాబుల కీ తెచ్చింది. ముగ్గురం పట్టా మీద కూర్చున్నాం. టీచరు చదువుతుంటే నేను పెన్సిలుతో గుర్తులు పెట్టాను. లెక్కల్లో, పరిసరాల్లో పోయినవి తక్కువే. ఎక్కువ పోయినవి ఇంగ్లీషులో, శిశు మనస్తత్వంలో. సేవ్ కాలేదని భయపడ్డ ప్రశ్న సేవ్ అయ్యే ఉంది, జవాబే తప్పు. ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, "అయితే నా చెయ్యి బాగానే నొక్కింది" అంది. ఓడిపోయినా, ఎక్కడ ఓడిందో తెలిసిన మనిషి గొంతు అది.

రాత్రి వంట చేస్తూ నేను మా అత్తగారిని అడిగాను, ఈ పని మొదటి రోజే చేయిస్తే ఇన్నాళ్ళు కుమిలేది కాదు కదా అని.

"తడి మీద ఏరితే ఎర్రకాయేదో తాలేదో తెలిసిద్దా? అన్నీ ఒక్క రంగే. పైగా చితుకుతయ్. ఆరాకే ఏరాలి" అన్నారు.

ఆ మర్నాడు టీచరింటికి వెళ్ళి కూర్చుని, లేచేటప్పుడు గుమ్మంలో ఆగి, వీధి చివరికి వినపడేలా, "వెళ్ళొస్తానమ్మాయ్!" అన్నారు. టీచరు ఒక్క క్షణం ఆగి, "రండి పిన్నిగారూ" అంది. 

టీచరు మళ్ళీ రాసింది. ఈసారి చివరిదాకా కూర్చుని రాశానంది. ఫలితాలు రాకముందే మా అత్తగారికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రి మంచం మీద కూడా, "పిల్ల ఫలితం వచ్చిందా?" అని అడిగేవారు. రాలేదని చెప్పేదాన్ని. "వస్తే ముందు నాకు చెప్పమను. మంచైనా చెడైనా" అనేవారు. ఆవిడ పోయే నాటికి రాలేదు.

పెద్దకర్మ ఇంకా కాలేదు. ఇంట్లో మనుషులు పలచబడ్డారు. ఒక రోజు మధ్యాహ్నం టీచరు వచ్చింది. రోజూ వచ్చేదే. కానీ ఆ రోజు నా దగ్గరికి రాకుండా నేరుగా వసారాలోకి వెళ్ళి, మా అత్తగారి గోనెపట్టా మీద కూర్చుంది. ఆవిడ ఆసుపత్రికి వెళ్ళేముందు సగం తొడిమలు తీసి వదిలేసిన కాయలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఎవరికీ తీయబుద్ధి కాలేదు. ఫలితం వచ్చిందని మొహం చూడగానే తెలిసింది. పక్కన కూర్చున్నాను. నోట్లోకి చాలా మాటలు వచ్చాయి. వాటన్నిటినీ పక్కన పెట్టి అడిగాను.

"ఎంత పోయింది?"

"ఒకటి, వదినా."

"ఒక్కటా."

"ఒక్కటే."

గడువు ఇంకా ఉందని ఇద్దరికీ తెలుసు. అనలేదు. ఫలితం నిన్న సాయంత్రమే వచ్చిందట; అప్పుడేమనిపించిందని అడిగాను, చచ్చిపోవాలని గానీ అనిపించిందా అని కూడా అడిగాను. "లేదు. ఏడుపొచ్చింది. ఆయన పక్కనే కూర్చున్నాడు" అంది. "పిన్నిగారికి ముందు చెప్పాలిగా. అందుకే ఇక్కడికొచ్చా." ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎవరి కోసం ఎవరు ఏడ్చామో విడదీయలేం. తరవాత ఇద్దరం మిగిలిన కాయలకు తొడిమలు తీశాం. తాలువి ఆవిడే ఏరింది. నేను మళ్ళీ ఏరలేదు.

పొద్దు వాలాక లేచి, కొంగు దులుపుకుని, చెప్పకుండా వెళ్ళిపోయింది. మాది చావింటి గుమ్మం మరి. నేనూ పిలవలేదు. ఆవిడ గేటు వేసుకున్న చప్పుడు, తరవాత వాళ్ళ తలుపు చప్పుడు వినపడ్డాయి.

మర్నాడు పొద్దున్న ఆ గోనెపట్టా దులిపి ఎండలో వేద్దామని గుమ్మంలోకొచ్చాను. టీచరు బడికి బయల్దేరి వాళ్ళ గేటు ముందు ఉంది. ఇస్త్రీ చీర, చేతిసంచి, క్యారేజీ. కళ్ళు ఉబ్బే ఉన్నాయి. రోడ్డు మీద నిలబడి మా వసారా వైపు చూసి, గట్టిగా, ఆ పెద్దావిడ అన్నంత గట్టిగా, "వెళ్ళొస్తాను!" అంది.

నా వైపు చూసి అనలేదు. "రా అమ్మాయ్" అని జవాబు వస్తుందేమోనని నేనూ వెనక్కి తిరిగి చూశాను. వసారాలో పట్టా తీసిన చోట, నేల మీద చదరంగా కాస్త ఎర్రటి మరక, దాని చుట్టూ నాలుగు తొడిమలు ఉన్నాయి.